కాంక్రీటు కొట్టంలో ఆవు కుంటుతోంది... అమ్మేయాలా, నేల తవ్వించాలా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. పెళ్ళయ్యాక బెంగళూరులో సర్జాపుర వైపు వచ్చేశాం. ఆరు హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవులున్నాయి, పాలు సొసైటీకి పోస్తాం. మా ఆయన క్యాబ్ నడుపుతారు. ఆవుల పనంతా నాదీ అత్తయ్యదీ. రెండేళ్ళ కిందట అప్పు చేసి కొట్టంలో కాంక్రీటు వేయించాం. మా గౌరి శ్రావణంలో రెండో ఈత ఈనింది. దసరా తర్వాత నుంచి వెనక కుడికాలు కుంటుతోంది. పూటకు 9 లీటర్లు ఇచ్చేది ఐదున్నరకు దిగింది. డాక్టరు రెండుసార్లు ఇంజెక్షన్లు వేశారు. రెండు రోజులు బాగుంటుంది, మళ్ళీ కుంటుతుంది. ఎద్దులకు లాడాలు కొట్టే ఆయన్ని పిలిపిస్తే ఉలితో గిట్టలు చెక్కాడు, రక్తం వచ్చింది, ఇంకా ఎక్కువైంది. మందుల షాపులో కాల్షియం సీసా ఇచ్చారు. అంతా కాంక్రీటు వల్లే, తవ్వించేయండి అని అత్తయ్య. అమ్మేద్దాం అని మా ఆయన. గౌరిని దూడగా ఉన్నప్పటి నుంచి నేనే సాకాను. ఇంట్లో రోజూ ఇదే గొడవ, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. డిసెంబరులో ఇంకో ఆవు ఈనాలి. ఏం చేయమంటారు?
(పేరు ప్రచురించవద్దన్న సోదరి, బెంగళూరు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చినవి రెండు మాటలు. శ్రావణంలో ఈనింది, దసరా తర్వాత కుంటింది. మధ్యలో దాదాపు రెండు నెలలు. ఈనిన ఆవు ఒక వెనక కాలు మాత్రమే రెండు మూడు నెలలకు కుంటడం మొదలుపెడితే, సూది వేసినప్పుడు తగ్గి మళ్ళీ వస్తుంటే, నేను ముందుగా అనుమానించేది గిట్ట అడుగున పుండును. పుండు బయటపడింది దసరాకే అయినా దెబ్బ తగిలింది మాత్రం ఈనిన రోజుల్లోనే.

ఎలాగంటే, గిట్ట లోపల ఒక ఎముక ఉంటుంది. దాని వెనక భాగం కింద మెత్తటి కొవ్వు దిండు, ఆ కింద పచ్చి కండ. ఈ పచ్చి కండే గట్టి డెక్కను తయారు చేస్తుంది. ఈనే సమయంలో ఆవు ఒంట్లో కట్లన్నీ వదులవుతాయి. దూడ బయటికి రావడానికి అది అవసరం. కానీ గిట్టలో ఎముకను పట్టి ఉంచే కట్లు కూడా అప్పుడే వదులై, ఎముక కాస్త కిందికి దిగుతుంది. ఆవు చిక్కిపోయి ఉంటే కొవ్వు దిండు కూడా పలచబడుతుంది. అలాంటప్పుడు గట్టి నేల మీద గంటల తరబడి నిలబడితే, పైన ఎముకకూ కింద నేలకూ మధ్య పచ్చి కండ నలుగుతుంది. నలిగిన కండ తయారు చేసే డెక్క నాసిగా, రక్తపు మరకతో ఉంటుంది. అది మెల్లగా పెరుగుతూ అరికాలు పైకి వచ్చేసరికి సుమారు రెండు నెలలు పడుతుంది. వచ్చాక అక్కడ గట్టి పొర నిలవదు, గుంట పడి లోపలి కండ బయటికి కనిపిస్తుంది. వెనక కాళ్ళలో ఇది ఎక్కువగా బయటి గిట్టకే వస్తుంది, అదీ అరికాలూ మడమా కలిసే చోట.

సూదులు ఎందుకు నిలవలేదో దీన్నిబట్టి మీకు అర్థమై ఉంటుంది. నొప్పి మందు పని చేసినంతసేపు ఆవు బాగా నడుస్తుంది. కానీ ఆ గుంట మీద నాలుగు వందల కిలోల ఆవు బరువు రోజూ పడుతూనే ఉంది. బరువు తప్పించకపోతే ఏ యాంటీబయాటిక్కూ దాన్ని మాన్పలేదు. కాల్షియం సీసా సంగతి చెప్పనే అక్కర్లేదు, దానికీ ఈ పుండుకూ సంబంధం లేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

అయితే నేను గౌరి కాలు చూడలేదు. కాబట్టి ముందు మీరు చూడండి. కాలు బాగా కడిగి, మొదట రెండు గిట్టల సందు చూడండి. సందులో చర్మం చీలి, ముక్కు మూసుకునేంత వాసన వస్తూ, గిట్టల పైన రెండు వైపులా సమానంగా వాచి, జ్వరం కూడా ఉంటే అది గిట్టల సందు కుళ్ళు. దానికి డాక్టరు వేసే యాంటీబయాటిక్ సూదులే సరైన వైద్యం, త్వరగానే తగ్గుతుంది కూడా. మడమ పైన వెనక వైపు చర్మం మీద ఎర్రగా పచ్చిగా, తాకితే ఆవు ఉలిక్కిపడే మచ్చ ఉంటే అది అంటు పుండు. ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతుంది, వైద్యం వేరు. నోట్లో బొబ్బలు, చొంగ, ఒకేసారి రెండు మూడు ఆవులు కుంటడం ఉంటే గాలికుంటు అనుకోవాలి, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ఇవేవీ లేకుండా కాలు పైకి మామూలుగా కనిపిస్తూ ఆవు మాత్రం కుంటుతోందంటే జబ్బు అడుగున ఉంది. కాలు ఎత్తి చూడాల్సిందే.

మీ డాక్టరు గిట్ట ఎత్తి చూశారా? మీరు రాయలేదు కాబట్టి చూడలేదనే అనుకుంటున్నాను. ఆయన్ని తప్పు పట్టడం లేదు. ఆవును కదలకుండా నిలబెట్టి కట్టే చట్రాన్ని ట్రెవిస్ అంటారు. అది లేని కొట్టంలో హెచ్‌ఎఫ్ ఆవు వెనక కాలు ఎత్తడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఈసారి ఆయన వచ్చేలోపు ట్రెవిస్ ఎక్కడుందో కనుక్కోండి. దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో సాధారణంగా ఉంటుంది. లేకపోతే 1962కు ఫోన్ చేసి మొబైల్ వెటర్నరీ బండిని అడగవచ్చు. మీ వైపు నుంచి హెబ్బాళ వెటర్నరీ కాలేజీ దూరమే, కానీ కాలు వాచిపోయి మూడు కాళ్ళ మీద నిలబడే పరిస్థితి వస్తే అక్కడికి తీసుకెళ్ళడమే మంచిది. డాక్టరుతో "సార్, ఇంకో సూది వద్దు, అడుగు చూడండి, ఆరోగ్యంగా ఉన్న గిట్టకు చెక్క దిమ్మ అంటించడం వీలవుతుందా?" అని నేరుగా అడగండి. ఆ మాట అడిగే రైతులు తక్కువ. అడిగితే ఆయన కూడా దానికి తగ్గట్టు సిద్ధమై వస్తారు.

ఇప్పుడు గిట్ట చెక్కే పద్ధతి. మీరు కత్తి పట్టమని చెప్పడం లేదు. చెక్కేవాళ్ళు సరిగ్గా చేస్తున్నారో లేదో పక్కన నిలబడి మీరే చూసుకోగలగాలని ఇంత వివరంగా చెబుతున్నాను.

వెనక కాల్లో ముందుగా లోపలి గిట్ట చూడాలి. దాని మీద బరువు తక్కువ పడుతుంది కాబట్టి అదే మామూలు ఆకారంలో ఉంటుంది. దాన్నే కొలతగా పెట్టుకోవాలి. ముందు వైపు వెంట్రుకలు ఆగిపోయి గట్టి డెక్క మొదలయ్యే చోటు నుంచి కొన వరకు సుమారు 7.5 సెంటీమీటర్లు ఉండాలి. నాలుగు వేళ్ళు పక్కపక్కన పెడితే దాదాపు అంత. అంతకంటే పొడవుంటే కొన తీసేయాలి, తక్కువుంటే ముట్టకూడదు. తర్వాత అరికాలు ముందు భాగాన్ని పలచగా చెక్కాలి, కానీ కొన దగ్గర కనీసం 5 నుంచి 7 మిల్లీమీటర్ల మందం మిగలాలి. బొటనవేలితో గట్టిగా నొక్కితే అరికాలు లోపలికి దిగిందంటే మందం అప్పటికే సరిపోవడం లేదని గుర్తు, కత్తి అక్కడే ఆపాలి. లోపలి గిట్ట మడమ జోలికి మాత్రం అస్సలు వెళ్ళకూడదు.

ఆ తర్వాత బయటి గిట్టను లోపలి దాని పొడవుకూ ఎత్తుకూ సమానం చేయాలి. బయటిది దాదాపు ఎప్పుడూ ఎక్కువ ఎత్తే ఉంటుంది. గట్టి నేల మీద ఆవు ఊగుతూ నిలబడినప్పుడు బరువంతా దాని మీదకే వచ్చిపడుతుంది. ఆ రాపిడికి అది ఇంకా మందంగా పెరుగుతుంది, మందం పెరిగేకొద్దీ ఇంకా బరువు మోస్తుంది. సమానమైందో లేదో చూడటానికి కత్తి పిడిని రెండు గిట్టల మీదా అడ్డంగా పెడితే ఊగకుండా కూర్చోవాలి. చివరగా రెండింటికీ మధ్య వైపు, పుండు వచ్చే చోట, కాస్త గుంటగా తీయాలి. అలా చేస్తే ఆ చోటు నేలను తాకదు, సందులో పేడ కూడా ఇరుక్కోదు.

పుండు ఉన్న గిట్టకు ఇంకో పని కూడా ఉంది. దాని వెనక భాగాన్ని పక్క గిట్ట కంటే పల్లంగా తగ్గించాలి. పుండు చుట్టూ ఊడిపోతున్న డెక్కను పలచగా తీసేయాలి, పచ్చి కండను మాత్రం కోయకూడదు. ఆరోగ్యంగా ఉన్న లోపలి గిట్టకు గిట్టల జిగురుతో చెక్క దిమ్మ అంటిస్తే పుండు గిట్ట గాలిలో ఉంటుంది. దిమ్మ మడమ వరకు రావాలి. ముందుకే అంటిస్తే ఆవు వెనక్కి ఒరిగి నడుస్తుంది, మంచి గిట్ట కూడా పాడవుతుంది. నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత దిమ్మ తీసేయాలి. ఊడలేదు కదా అని నెలల తరబడి వదిలేస్తే ఆ గిట్టకే పుండు పడుతుంది.

లాడాలు కొట్టే ఆయన ఎక్కడ తప్పాడో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఎద్దు గిట్టను ఆయన చదునుగా చెక్కి దాని మీద ఇనుప లాడం కొడతాడు. రోడ్డు రాపిడిని ఆ ఇనుము భరిస్తుంది. మీ గౌరికి లాడం లేదు. చదునుగా చెక్కిన పలచటి అరికాలు నేరుగా కాంక్రీటు మీద పడింది. రక్తం వచ్చిందంటే పచ్చి కండ దాకా వెళ్ళాడన్న మాట. ఆయన పనితనంలో లోపమని కాదు, ఆ పని వేరు, ఈ పని వేరు.

ఇందులో గౌరికి ఒక చిక్కు ఉంది. ఆయన లోపలి గిట్టను కూడా పలచగా చెక్కి ఉంటే ఇప్పుడు ఇంక చెక్కడానికేమీ లేదు. బొటనవేలితో నొక్కి చూడమనండి. లోపలి గిట్ట గట్టిగా ఉంటే చెక్కకుండా దిమ్మ మాత్రం అంటించవచ్చు. రెండూ మెత్తగా దిగుతుంటే దిమ్మ కూడా వద్దు. డెక్క గోడ నెలకు సుమారు 5 మిల్లీమీటర్లే పెరుగుతుంది, అరికాలు మళ్ళీ మందం కట్టడానికి వారాలు పడుతుంది. అంతవరకు ఆవును మట్టి నేల మీద ఉంచడం తప్ప వేరే వైద్యం లేదు. ఈ రెండింట్లో మీది ఏదో కాలు ఎత్తితేనే తేలుతుంది.

నొప్పి మందు అవసరమే. దిమ్మతో పాటు మూడు రోజులు నొప్పి, వాపు తగ్గే మందు ఇస్తే మానడం బాగుంటుంది. మెలోక్సికామ్ అడగండి. పశువులకు డైక్లోఫెనాక్ వాడటాన్ని 2006లోనే మన దేశంలో నిషేధించారు. ఆ మందు పడిన పశువు కళేబరాన్ని తిన్న రాబందులు చచ్చిపోతున్నాయని తేలడమే కారణం. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా 2023లో నిషేధించారు. విదేశీ పుస్తకాల్లో, వీడియోల్లో కుంటుకు కీటోప్రొఫెన్ అనే చెబుతారు. అది చూసి షాపులో అడగకండి. ఉత్త పుండుకు యాంటీబయాటిక్ అక్కర్లేదు. వాపు, జ్వరం ఉండి డాక్టరు వేస్తే మాత్రం ఆ మందుకు చెప్పిన గడువు అయ్యేదాకా పాలు సొసైటీకి పోయకండి. పుండు మీద మైలుతుత్తం పొడి, కిరోసిన్, పాత ఇంజను ఆయిలు వేయవద్దు. పచ్చి కండ కాలిపోయి, కొత్త డెక్క పుట్టే చోటే చెడిపోతుంది. గట్టిగా కట్టు కట్టడం కూడా మంచిది కాదు, లోపల తడి పట్టి కుళ్ళుతుంది. కాళ్ళు ముంచే మందు నీళ్ళ తొట్టి అంటు పుండ్లకు పనికొస్తుంది, ఈ పుండుకు పనికిరాదు.

పని సరిగ్గా జరిగితే వారంలోపే నడకలో తేడా కనిపిస్తుంది. వీపు విల్లులా వంచడం తగ్గుతుంది, అడుగు పొడవవుతుంది. గుంట మీద కొత్త పొర కట్టడానికి నెల, నెలన్నర. తగ్గిన పాలలో కొంత తిరిగి వస్తుంది, ఈ ఈతలో మళ్ళీ పూటకు 9 లీటర్లు వస్తాయని నేను మాట ఇవ్వను. వారం దాటినా తేడా లేకపోయినా, మడమ పైన ఒక్క వైపే ఎత్తుగా వాచినా, కాలు నేలకు ఆనించకపోయినా చీము కీలు వరకు వెళ్ళిందేమోనని భయపడాలి. అప్పుడు ఆ ఒక్క గిట్టను తీసేసే ఆపరేషన్ దాకా వెళ్ళవచ్చు. అందుకే వాపు కనిపించిన రోజే కదలండి.

ఇక నేల సంగతి. అత్తయ్య మాటలో సగం నిజం ఉంది. నేల తవ్వించే ముందు ఆ సగం ఏదో చూద్దాం.

మట్టి కొట్టం ఉన్న రోజుల్లో ఆవులు పగలంతా చెరువు గట్టున మేసి, రాత్రికి వచ్చి పడుకునేవి. నడకలో గిట్ట కొన అరిగేది, మట్టి మడమను ఆదుకునేది. ఇప్పుడు మీ ఆవులు బహుశా ఇరవై నాలుగు గంటలూ కట్టేసే ఉంటాయి. కాంక్రీటు గిట్టలను అరగదీస్తుందని అందరూ అంటారు. కొత్తగా పోసిన గరుకు నేల మీద తిరిగే ఆవులకు అది నిజమే. కట్టేసిన ఆవు నడవదు కదా, అరుగుదల ఎక్కడిది? కొన పొడవుగా పెరుగుతుంది, కొన పెరిగేకొద్దీ బరువు వెనక్కి, మడమ మీదికి, సరిగ్గా ఆ పుండు చోటికే జరుగుతుంది. దానికి తోడు ఆవు రోజుకు దాదాపు పన్నెండు గంటలు పడుకోవాలి. పడుకున్నంతసేపే గిట్టకు విశ్రాంతి. నేల గట్టిగా, తడిగా ఉంటే అది పడుకోవడానికి వెనకాడుతుంది, పడుకున్నా త్వరగా లేస్తుంది. ఈనిన కొత్తలో ఆ అదనపు నిలబాటే దెబ్బ కొడుతుంది.

మీ కొట్టంలో ఇదే జరుగుతోందో లేదో ఒక్క రాత్రిలో తెలుసుకోవచ్చు. పాలు పితికి మేత వేసి రెండు గంటలయ్యాక, రాత్రి పది పదకొండుకు లైటు వేయకుండా వెళ్ళి చూడండి. ఆరింట్లో ఎన్ని పడుకుని నెమరు వేస్తున్నాయి? నిలబడ్డవి వెనక మడమలను కాలువ అంచు మీద వేలాడేసి కొనల మీద నిలబడ్డాయా? అలా నిలబడ్డ ఆవు మడమ నొప్పిని తప్పించుకుంటోందని అర్థం. వెనక కాళ్ళ కొనలు బయటికి తిరిగి, మోకీళ్ళు లోపలికి వచ్చాయా? అదీ అదే కథ. తర్వాత ఆవు పడుకునే చోట మీరే మోకాళ్ళ మీద ఒక్కసారి కూలబడి చూడండి. నొప్పి పుట్టినా, చీర తడిసినా ఆవుకు ఎలా ఉందో తెలుస్తుంది. మీ ఆయనతో కూడా ఈ పని చేయించండి. మాటలతో తెగని వాదన కొన్నిసార్లు అక్కడ తెగుతుంది.

తవ్వించేస్తే ఏమవుతుంది? బెంగళూరు వానలకు, ఆరు ఆవుల మూత్రానికి ఆ మట్టి నెలలోనే బురదవుతుంది. బురదలో గిట్ట నాని మెత్తబడుతుంది, సందు కుళ్ళు వస్తుంది, పొదుగువాపు వస్తుంది. అప్పు అలాగే ఉంటుంది. కడగడానికి, పాలు పితకడానికి కాంక్రీటు మంచిదే. ఆవు నిలబడి పడుకునే చోటును మెత్తబరచడం, రోజులో కొంతసేపు దాన్ని విప్పి వదలడం, ఈ రెండు చాలు.

మెత్తబరచడానికి మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి రబ్బరు మ్యాట్లు. సుమారు ఆరున్నర అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పువి దొరుకుతాయి. ముందు కాళ్ళ కిందే వేసి వెనక కాళ్ళను కాంక్రీటు మీద వదిలేసిన కొట్టాలు నేను చాలా చూశాను. కుంటేది వెనక కాళ్ళు కాబట్టి మ్యాటు కాలువ అంచు దాకా రావాలి. పలచటివి చవక, ఏడాదిలోపే అణిగిపోతాయి. కొనే ముందు షాపులోనే మోకాలి పరీక్ష చేయండి, ఎవరేమనుకున్నా సరే. మ్యాటు కింద మూత్రం నిలవకుండా అప్పుడప్పుడు ఎత్తి కడగాలి, ఆ చాకిరీ మీ మీదే పడుతుంది. రెండో దారి పరుపు. ఎండిన రాగి గడ్డి, వరి పొట్టు, బాగా ఎండిన కొబ్బరి పొట్టు, ఏది చవగ్గా దొరికితే అది మందంగా వేసి, తడిసినంత మేర రోజూ తీసేయాలి. తీయకపోతే పొదుగువాపు గ్యారంటీ. ఇసుక మంచి పరుపే, కానీ ఇప్పుడు మీ వైపు దొరికేదంతా ఎం-శాండ్. రాయి పగలగొట్టి చేసింది కాబట్టి అంచులు పదునుగా ఉండి మోకీళ్ళను, మడమలను గీరుతుంది. అది వేయకండి.

నన్నడిగితే మ్యాట్ల కంటే ముందు పెరట్లో చిన్న మట్టి దడి కట్టమంటాను. కట్టేయని ఆవుకు బయట 7 చదరపు మీటర్లు లెక్క. రెండు ఆవులకు 12 అడుగులు, 13 అడుగుల జాగా సరిపోతుంది. మధ్యలో ఎర్రమట్టి కాస్త ఎత్తుగా పోసి, నీళ్ళు పక్కలకు జారేలా చేసి, చుట్టూ కర్రలు కట్టి, పైన నీడ వేయండి. గౌరి మానేవరకు పాలు పితికే వేళ తప్ప అక్కడే ఉండాలి. చోటు లేదంటే పక్క ఖాళీ సైటు వాళ్ళను అడగండి, సర్జాపుర వైపు ఇంకా అలాంటివి ఉన్నాయి కదా. గాజుముక్కలు, మేకులు మాత్రం ముందే ఏరేయండి.

మీరు రాయలేదు కానీ ఒక మాట. ఆ చుట్టుపక్కల చాలామంది కల్యాణ మండపాల్లో మిగిలిన అన్నం తెచ్చి ఆవులకు పోస్తారు. అలవాటు లేకుండా ఒక్కసారి బోలెడు అన్నం పడితే కడుపులో ఆమ్లం పెరిగి ఆవు ప్రాణం మీదికి వస్తుంది, గిట్టలకూ మంచిది కాదు. మీకు ఆ అలవాటుంటే మానేయండి. గౌరి కుంటుకు మాత్రం నేను దాన్ని మొదటి కారణంగా చూడను.

ఇప్పుడు మీ ఆయన మాట. ఆయన తప్పు మాట్లాడటం లేదు. రోజుకు 7 లీటర్లు తగ్గాయి, మందుల ఖర్చు పెరిగింది, అప్పు కడుతున్నారు. పైగా ఆయనకు తెలియని, ఆయన వాదనకే బలమిచ్చే విషయం కూడా నేను దాచను. ఒకసారి ఈ పుండు ముదిరిన గిట్టలో ఎముక అడుగున చిన్న మొలకలు పెరుగుతాయి. అందుకే ఇది తర్వాతి ఈతల్లో తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఎంత త్వరగా బరువు తప్పిస్తే ఆ మొలకలు అంత తక్కువ. గౌరికి ఇప్పటికే వారాలు గడిచాయి.

కానీ ఈ రోజు అమ్మితే ఏం వస్తుంది? కుంటే ఆవుకు సంతలో సగం ధర కూడా రాదు. నొప్పి మందు వేసి, నడిపించి అమ్మమని సలహా ఇచ్చే దళారీలు ఉంటారు. అది మోసం, కొన్నవాళ్ళు వారంలో మీ గుమ్మం ముందుంటారు. కాబట్టి అమ్మాలా వద్దా అన్నది ఇప్పుడు తేల్చవద్దు. ఆరు వారాలు గడువు పెట్టుకోమని మీ ఆయనతో చెప్పండి. దిమ్మ లేదా మట్టి నేల, మూడు రోజుల మందు, అంతే ఖర్చు. ఆరు వారాలకు బాగా నడిస్తే ఉంచుకోవడమా, ఉన్న సంగతి చెప్పి సరైన ధరకు అమ్మడమా అన్నది తీరిగ్గా ఆలోచించవచ్చు. కీలు దాకా చీము వెళ్ళిన ఆవైతే దాని మీద ఇంకా డబ్బు పోయడం కంటే ఆయన మాట వినడమే మేలు. ఉంచుకుంటే ప్రతి ఈతకూ ముందు గిట్టలు చూపించడం, ఈనాక మెత్తటి నేల ఇవ్వడం మీరు మోయాల్సిన బాధ్యత. సాకిన మమకారం ఒక్కటే కారణంగా ఆయన ముందు పెట్టకండి, ఈ లెక్క పెట్టండి.

ఈ ఆరు వారాల్లో గౌరి ఎద కోసం కాస్త జాగ్రత్తగా కనిపెట్టుకోండి. వెనక కాలు నొప్పి ఉన్న ఆవు వేరే ఆవు మీద ఎక్కదు, ఎక్కితే నిలబడదు. ఎద రాలేదని మీరు అనుకుంటారు, అది మీకు కనపడకుండా పోయి ఉంటుంది. తీగలు, అరుపు, ఒక్క పూట పాలు తగ్గడం చూసుకుని చూలు కట్టే సూది వేయించండి. నడక కుదుటపడ్డాక వేయిస్తే చూలు నిలిచే అవకాశం మెరుగు.

గౌరి కంటే తొందరగా చూడాల్సింది డిసెంబరులో ఈనబోయే ఆవును. దాని గిట్టలకు దెబ్బ ఇంకా తగల్లేదు. కొనలు నాలుగు వేళ్ళ కంటే పొడవున్నాయేమో రేపే చూడండి. ఉంటే ఈనడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే, పాలు ఎండగట్టేటప్పుడే చెక్కించడం మంచిది. ఈ ఉత్తరం మీకు అందేసరికి ఆ గడువు దగ్గర పడి ఉంటుంది. ట్రెవిస్‌లో నిలబెట్టే చెక్కించండి, చూడి ఆవును తాళ్ళతో పడేయనివ్వకండి. నెల లోపే ఈనుతుందనుకుంటే గిట్టల జోలికే వెళ్ళకండి, ఈనిన రెండు నెలలకు చూపించండి. ఈనడానికి మూడు వారాల ముందు నుంచి ఈనాక మూడు వారాల దాకా అది ఆ మట్టి దడిలోనే ఉండాలి. అప్పటికి గౌరి బయటికి వస్తే సరి, రాకపోతే రెండూ కలిసే ఉంటాయి. ఆ 12 అడుగుల, 13 అడుగుల లెక్క అందుకే రెండు ఆవులకు చెప్పాను.